ఆ ఒక్క ప్రశ్నకు లక్షన్నర కోర్సు అక్కర్లేదు

ప్రశ్న: మా పాప బీకాం ఫైనలియర్. క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ ధర ఎందుకు తగ్గుతుంది?’ అని అడిగితే నోరు మెదపలేదట. లక్షన్నర కట్టి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సులో చేర్పించాలా, ఎంబీఏ చేయించాలా? ఫైనాన్స్ తనకు రాదేమోనని భయంగా ఉంది. — ఒక తల్లి, గుంటూరు

జవాబు: రాకపోవడమేమీ లేదమ్మా. ఒక్క ఇంటర్వ్యూతో పిల్ల చదువుకు తీర్పు చెప్పేయకండి. ఆ ప్రశ్నకు ఒక సాయంత్రం చాలు.

బాండ్ అంటే అప్పు పత్రం. ఇచ్చే వడ్డీ, అసలు తీర్చే తేదీ మొదటే రాసి ఉంటాయి, తర్వాత మారవు. 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 6.54 శాతం వడ్డీతో పదేళ్ల బాండ్ ఇచ్చింది. వంద రూపాయలకు ఏటా 6 రూపాయల 54 పైసలు, ఆరు నెలలకోసారి సగం చొప్పున వస్తాయి. 2032 జనవరి 17న వందా తిరిగొస్తుంది.

అదే ఏడాది మే, జూన్ నెలల్లో రిజర్వ్ బ్యాంక్, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 4.90 శాతానికి పెంచింది. మార్కెట్లో పదేళ్ల ప్రభుత్వ బాండ్ల మీద ఏటా వచ్చే రాబడి ఏడున్నర శాతం ప్రాంతానికి చేరింది. వందకు ఏడున్నర వచ్చే చోట ఆరున్నర ఇచ్చే పాత పత్రాన్ని వంద పెట్టి ఎవరు కొంటారు? అమ్మేవాళ్లు ధర దించాల్సిందే.

ఎంత దించాలన్నది అసలు పరీక్ష. ఏటా తక్కువయ్యేది 96 పైసలు. మిగిలిన తొమ్మిదిన్నరేళ్లకు లెక్కేస్తే తొమ్మిది రూపాయలు దాటుతుంది. కానీ ధర పడేది ఆరున్నర రూపాయలే. ఎప్పుడో రావాల్సిన పైసలకు ఈరోజు విలువ తక్కువ కదా, అందుకని. పాపను ఎక్సెల్‌లో ఇది కొట్టి చూడమనండి:

```
=PRICE(DATE(2022,6,17),DATE(2032,1,17),6.54%,7.5%,100,2,4)
```

93.51 వస్తుంది. ఇప్పుడు గడువు తేదీని 2023 జూన్ 17 చేయమనండి. ధర 99.09 దగ్గర ఆగుతుంది, అంటే నష్టం రూపాయి లోపే. గడువు ఎంత దూరముంటే దెబ్బ అంత పెద్దది. ‘రేటు పెరిగితే ధర తగ్గుతుంది’ అని బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్న దగ్గర తడబడేది ఇక్కడే. ఇంకో సంగతి కూడా చెప్పాలి: మధ్యలో అమ్మకుండా 2032 దాకా ఉంచుకున్నవాళ్లకు వందా చేతికొస్తుంది. నష్టం అమ్మాల్సి వచ్చినవాళ్లకే.

ఇక ఆ కోర్సు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అన్న పేరుతో కొన్ని నెలల్లో సర్టిఫికెట్ చేతికిచ్చే వాటిమీద నాకు గట్టి అనుమానాలున్నాయి. వాటిలో చేరినవాళ్లకు దొరికే ఉద్యోగాల్లో చాలావరకు లావాదేవీల రికార్డులు సరిచూసే బ్యాక్ ఆఫీసు పనే. అది గౌరవమైన పనే, కానీ బీకాంతోనే అందులో చేరొచ్చు. డబ్బు కట్టేముందు కిందటి బ్యాచ్ పిల్లల ఆఫర్ లెటర్లలో హోదా ఏముందో చూపించమని అడగండి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్న మాట చాలనుకుంటే తప్పు మీదే అవుతుంది. పక్కింటివాళ్లు చేర్పించారని మీరూ పరుగెత్తడం పిల్లకు మేలు చేయదు.

ఎంబీఏ ఈ ఏడాదే తేల్చాల్సిన విషయం కాదు. ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేశాక వెళ్లనివ్వండి. ఈలోగా పై లెక్కలో 7.5 బదులు 5.5 పెడితే ధర వంద ఎందుకు దాటిందో మీకు తన మాటల్లో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలదు.