గ్యాప్‌ని దాచకండి, నెలలతో సహా రాయండి

ప్రశ్న: "అమ్మకు బాగోలేక ఐదేళ్లు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు మళ్లీ వెతుక్కుంటున్నా. రెజ్యూమెలో ఈ గ్యాప్ ఎలా చూపించాలి? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?"

నాదీ దాదాపు ఇదే కథ. విజయవాడలో అకౌంటెంట్‌గా చేసేదాన్ని. అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మింగడం కూడా పోయింది. 2018 ఫిబ్రవరి నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. 2022 నవంబర్‌లో అమ్మ పోయింది. 2023 అక్టోబర్‌లో మళ్లీ పనిలో చేరాను.

నా మొదటి ఇంటర్వ్యూ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను చేసిన పనే మీరూ చేస్తారేమోనని నా భయం. 2023 ఫిబ్రవరి, ఆటోనగర్‌లో లారీ విడిభాగాల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు. ఓనరు పెద్దాయన, మంచి మనిషి. రెజ్యూమె చూసి "ఈ ఐదేళ్లు ఏం చేశారమ్మా?" అన్నారు. అంతే, నేను మొదలుపెట్టేశాను. ముక్కులోంచి గొట్టం వేస్తే రాగిజావ పల్చగా కాచి, పలుచని బట్టలో వడగట్టి, సిరంజితో రెండేసి గంటలకోసారి పోయడం, పుళ్లు పడకుండా రాత్రిళ్లు కూడా లేచి పక్కకి తిప్పడం, చివరి నెలల్లో అమ్మ నన్ను గుర్తుపట్టకపోవడం, అన్నీ చెప్పేశాను. నా గొంతు పూడుకుపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మంచినీళ్లు తెప్పించారు, వాళ్లమ్మగారి సంగతి చెప్పారు. "చాలా గొప్ప పని చేశావు తల్లీ" అన్నారు. అరగంట అలాగే గడిచిపోయింది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆయన నన్ను లెక్కల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని. రెండు రోజులకి ఆఫీసు నుంచి ఫోన్ చేసి వేరే వాళ్లని తీసుకున్నామని చెప్పారు.

నాకు ఆయన మీద కోపం లేదు. ఆయనకి నా మీద జాలి కలిగింది, కానీ జీఎస్టీ రిటర్ను వేయగలనో లేదో తెలియలేదు. తెలియనివ్వలేదు నేను. ఉన్న అరగంటా అమ్మ జబ్బుకే పోయింది.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. గ్యాప్ చూసి వాళ్లు భయపడేది రెండిటికే. ఒకటి, ఈవిడకి పని ఇంకా గుర్తుందా అని. రెండు, ఆరు నెలల్లో మళ్లీ మానేస్తుందా అని. ఎందుకు మానేశావన్న ప్రశ్న పైకి కనిపించేదే, దాని వెనక ఉన్నవి ఈ రెండూ. అమ్మని ఎంత బాగా చూసుకున్నామో ఎంత చెప్పినా ఈ రెండిటికీ జవాబు రాదు.

మొదటి భయం నా విషయంలో నిజమే కూడా. నేను మానేసేనాటికి జీఎస్టీ వచ్చి ఎనిమిది నెలలే. సరుకు రవాణాకి తీసుకోవాల్సిన ఈ-వే బిల్లు మొదలైంది నేను ఇంట్లో కూర్చున్నాక, 2018 ఏప్రిల్ 1న. సప్లయర్లు తమ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో చూపిన బిల్లులు కొన్నవాళ్లకి కనిపించే జీఎస్‌టీఆర్-2బి వచ్చింది 2020లో. 2022 జనవరి నుంచి 2బిలో కనపడని కొనుగోలు బిల్లుకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదన్నారు, అంటే ఆ బిల్లు మీద కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోకూడదు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కూడా మారింది, నాకు తెలిసిన ట్యాలీ ఈఆర్‌పీ 9 పోయి ట్యాలీ ప్రైమ్ వచ్చింది. నేను 2018లో ఎంత బాగా చేశానన్నది 2023లో ఎవరికి కావాలి?

అందుకని మార్చి నుంచి గాంధీనగర్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో రోజూ పొద్దున్న నాలుగు గంటలు పనికి వెళ్లాను. నెలకి ఆరు వేలు. మా బంధువులు "దానికి ఆరు వేలేమిటి, ఖాళీగా ఉన్నావని చెప్పి వాడుకుంటున్నారు" అన్నారు. ఖాళీగా ఉండటం! ఐదేళ్లు రాత్రిపూట వరసగా మూడు గంటలు నిద్రపోని మనిషిని ఖాళీగా ఉన్నావు కదా అనడం మన వాళ్లకే చెల్లింది, ఆ మాట విన్నప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సరే, ఆ ఆరు వేల పనే నాకు దారి చూపింది. అక్కడ పన్నెండు మంది చిన్న వ్యాపారుల రిటర్నులు నా చేత్తో వేశాను. మీది అకౌంట్స్ కాకపోయినా సరే, మీ రంగంలో మీరు లేనప్పుడు ఏం మారిందో ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో ముఖ్యమైన దాని మీద రెండు మూడు నెలలు నిజంగా పని చేసి చూపించండి. కోర్సు సర్టిఫికెట్ కన్నా అది బలం అని నా నమ్మకం.

ఇక రెజ్యూమె. నేను ఇంగ్లిష్‌లో రాసింది తెలుగులో చెప్తున్నా:

2023 మార్చి నుంచి: ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పార్ట్‌టైమ్, 12 మంది క్లయింట్లకి జీఎస్‌టీఆర్-1, 3బి, 2బి సరిచూడటం
2018 మార్చి – 2022 నవంబర్: తల్లి పూర్తికాల సంరక్షణ; ఆ బాధ్యత ముగిసింది
2011 జూన్ – 2018 ఫిబ్రవరి: అకౌంటెంట్...

గ్యాప్‌కి ఒక్క లైనే. "ముగిసింది" అన్న మాట మాత్రం తప్పక ఉండాలి, అది రెండో భయానికి సగం జవాబు. జబ్బు పేరు అక్కర్లేదు. నెలలు వదిలేసి సంవత్సరాలు మాత్రమే వేస్తే గ్యాప్ చిన్నగా కనిపిస్తుందని కొందరు సలహా ఇస్తారు, ఒకటి రెండు నెలలైతే ఏమో గానీ ఐదేళ్లని అది దాచలేదు, పైగా చూసినవాళ్లకి ఇంకేదో దాస్తున్నారని అనుమానం వస్తుంది. అలాగే ఇంటి పనిని "హోమ్ మేనేజర్, బడ్జెట్ ప్లానింగ్, టైమ్ మేనేజ్‌మెంట్" అని ఉద్యోగంలాగా రాయకండి. మీరు అమ్మని చూసుకున్నారు, దానికి వేరే పేరు ఎందుకు?

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ జోలికి అసలు వెళ్లకండి. డబ్బు తీసుకుని ఐదేళ్ల అనుభవం లెటర్ ఇస్తామనే వాళ్లు నాకూ తగిలారు. వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి. అందులో ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో ఉంటుంది. లెటర్‌లో ఉన్న ఐదేళ్లు అక్కడ లేకపోతే ఆఫర్ అక్కడితో ఆగిపోతుంది, చేరాక తెలిస్తే ఉద్యోగమే పోతుంది.

ఇదే పీఎఫ్ దగ్గర మీరు ముందే చూసుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. నా పాత కంపెనీ వాళ్లు నేను మానేసిన తేదీ వేయనే లేదు. అంటే రికార్డు ప్రకారం ఐదేళ్లూ నేను వాళ్ల దగ్గర పనిచేస్తున్నట్టే! నా రెజ్యూమెలో ఒకటి, పీఎఫ్‌లో ఇంకొకటి. నిజం చెప్పిన నేను అబద్ధం చెప్పినట్టు కనిపించేదాన్ని. అదృష్టం కొద్దీ ఆ తేదీ మనమే వేసుకోవచ్చు. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో Manage లోకి వెళ్లి Mark Exit నొక్కితే, ఆధార్ ఓటీపీతో పని అయిపోతుంది. చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటి ఉండాలి, వేసే తేదీ ఆ చివరి కాంట్రిబ్యూషన్ నెలలోదై ఉండాలి. తేదీ జాగ్రత్తగా చూసుకుని వేయండి, తర్వాత మార్చుకోవడం పెద్ద తలనొప్పి. పాత ఆఫీసు చుట్టూ తిరిగే బాధ మాత్రం తప్పుతుంది.

రెండో ఇంటర్వ్యూ సెప్టెంబర్‌లో, ఇంకో కంపెనీ. ఈసారి గ్యాప్ గురించి అడిగినప్పుడు నేను చెప్పింది ఇంతే: "మా అమ్మగారికి పక్షవాతం సార్. చూసుకోవడానికి నేనే ఉన్నాను. పోయిన నవంబర్‌లో ఆవిడ పోయారు. మార్చి నుంచి కన్సల్టెంట్ దగ్గర రిటర్నులు వేస్తున్నాను, అది చూపించమంటారా?" ఇంట్లో అద్దం ముందు కాదు, మా వదిన ముందు కూర్చుని పదిసార్లు చెప్పి చూసుకున్నాను, గొంతు వణకకుండా చివరిదాకా వచ్చేవరకు. ఆ చివరి ప్రశ్న ముఖ్యం, మాట అమ్మ దగ్గర ఆగకుండా పని మీదికి వస్తుంది.

ఆయన నిజంగానే ఒక కొనుగోలు రిజిస్టరు, అదే నెల 2బి ముందు పెట్టారు. రెండు చోట్ల తేడా ఉంది. ఒక బిల్లు నంబరు మన దగ్గర 245/23-24 అని, 2బిలో ఉత్త 245 అని ఉంది, సప్లయరు, తేదీ, మొత్తం, పన్ను అన్నీ ఒకటే కాబట్టి అది అదే బిల్లు అన్నాను. రెండోది, పద్దెనిమిది వేల పన్ను ఉన్న బిల్లు 2బిలో అసలు లేదు. "బిల్లు చేతిలో ఉంది, సరుకు వచ్చింది, డబ్బు కట్టేశాం. క్రెడిట్ తీసుకోవచ్చు కదా?" అని అడిగారు. "లేదు సార్, ఈ నెల తీసుకోకూడదు. సప్లయరు పదకొండో తేదీలోపు జీఎస్‌టీఆర్-1 వేసి ఉండడు, అందుకే పద్నాలుగున వచ్చిన 2బిలో లేదు. ఫోన్ చేసి వేయిస్తే వచ్చే నెల 2బిలో కనిపిస్తుంది, అప్పుడు తీసుకుందాం" అన్నాను. 2018లో మానేసిన దాన్ని అలాగే వెళ్లి ఉంటే తీసుకోవచ్చనే చెప్పేదాన్ని. ఆ తర్వాత గ్యాప్ ఊసే ఎత్తలేదు ఆయన.

జీతం దగ్గర మాత్రం పాత జీతం ఎంత అన్నారు. 2018లో పద్దెనిమిది వేలు. అది దాచకుండా చెప్పి, "ఇది ఐదేళ్ల కిందటి జీతం సార్, ఈ పనికి మీరు ఇప్పుడిచ్చేదే నేను అడుగుతున్నా" అన్నాను. ఇరవై నాలుగుకి ఒప్పుకున్నారు.

ఇక ఆఖర్న ఒక ప్రశ్న వస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్లకి. "మళ్లీ ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే?" మా అన్నయ్యని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ ఇది అడగలేదు, అమ్మ మా ఇద్దరికీ అమ్మే అయినా. ఈ ప్రశ్నకి జవాబు రెజ్యూమెలో ఉండదు, ఇంట్లో తేల్చుకోవాలి. నేను ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆదివారం అన్నయ్యని, వదినని కూర్చోబెట్టి మాట్లాడాను. నాన్నకి షుగర్, కళ్ల సమస్య ఉన్నాయి. ఆయన చెకప్పులు అన్నయ్యవి, మంచం పట్టే పరిస్థితి వస్తే మనిషిని పెట్టుకోవడానికయ్యే ఖర్చు చెరి సగం, ఉద్యోగం ఎవరూ మానెయ్యరు. వదిన వెంటనే సరే అంది. అన్నయ్య కాసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చుని, తర్వాత "ఈ మాట అమ్మ ఉన్నప్పుడే అనుకోవాల్సింది" అన్నాడు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు "నాన్నగారిని మా అన్నయ్య చూసుకుంటాడు సార్, మాట్లాడుకున్నాం" అన్నాను. మీ అమ్మగారు ఇంకా మంచంలోనే ఉంటే మాత్రం బాధ్యత ముగిసిందని రాయకండి. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఆవిడ దగ్గర ఎవరుంటారో, ఆ మనిషి రాని రోజు ఎవరుంటారో ముందు ఖాయం చేసుకుని, ఆ రెండు పేర్లు నోట్లో పెట్టుకుని వెళ్లండి.