డీఎన్‌ఆర్ అంటే వైద్యం ఆపడం కాదు

“నాన్నకు లంగ్ క్యాన్సర్ చివరి దశ. డాక్టర్ డీఎన్‌ఆర్ ఫారం ఇచ్చారు. సంతకం పెడితే వైద్యం ఆపేస్తారా?”

ఆపరండీ. డీఎన్‌ఆర్ అంటే ‘డు నాట్ రిససిటేట్’, ఆగిన గుండెను తిరిగి కొట్టించే ప్రయత్నం వద్దని. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం, గొంతులో గొట్టం వేయడం మాత్రమే మానేస్తారు. నొప్పికి మార్ఫిన్, ఆయాసానికి ఆక్సిజన్ అలాగే నడుస్తాయి. రేపు నిమోనియా వచ్చిందనుకోండి, యాంటీబయాటిక్ ఇవ్వడానికి డీఎన్‌ఆర్ అడ్డు కాదు. “డీఎన్‌ఆర్ కేసు కదా” అంటూ ఎవరైనా నొప్పి మందు ఆలస్యం చేస్తే అది తప్పు, వెంటనే డాక్టర్‌తో చెప్పండి.

నాన్నగారు మాట్లాడగలిగితే సంతకానికి ముందు ఆయన్నే అడగండి, ఆ నిర్ణయం ఆయనది. ఆయన కోరికను ముందస్తు వైద్య నిర్దేశంగా రాయించవచ్చు కూడా. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని 2023లో సుప్రీంకోర్టు సులువు చేసింది. ఆయన తన నిర్ణయం తాను చెప్పలేని స్థితికి వచ్చాకే అది అమలవుతుంది.