కడపలో టీవీ, డల్లాస్‌లో మనవరాలు

సందేహం: అన్నా, మేం డల్లాస్‌కు కొత్తగా వచ్చినాం. కడపలో అమ్మా నాయన ఇద్దరే ఉన్నారు. వాట్సాప్‌లో పాప ఫోటోలు పంపితే నాయన కళ్లద్దాలు వెతుక్కునేలోపు అమ్మ ఫోన్ లాక్కుంటుంది. ఇంట్లో గూగుల్ టీవీ ఉంది. అది ఖాళీగా ఉన్నప్పుడు పాప ఫోటోలు వచ్చేలా పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు తమ్ముడూ. దాన్నే Ambient mode అంటారు. అయితే ముందు మీ నాయన టీవీ ఎలా చూస్తారో అడుగు. మన ఊళ్లలో చాలా ఇళ్లలో టీవీ స్మార్ట్‌దే అయినా, వార్తలూ సీరియళ్లూ కేబుల్ బాక్స్‌లోనే చూస్తారు. బాక్స్ ఆపేస్తే తెర మీద ‘No signal’ అని వచ్చి, కాసేపటికి టీవీ కూడా ఆరిపోతుంది. ఆ దారిలో ఫోటోలు ఎప్పటికీ రావు. బాక్స్ ఆపినాక టీవీ రిమోట్ మీద ఇల్లు బొమ్మ ఉన్న బటన్ నొక్కి వదిలేయాలి. కొద్ది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఫోటోలు మొదలవుతాయి. నేర్పాల్సింది ఇదొక్కటే. ఆ బటన్ మీద ఒక చుక్క రంగు స్టిక్కర్ అంటించమను.

ఇక ఆల్బమ్. ఇక్కడ చాలామంది తమ అకౌంట్‌లో ఆల్బమ్ చేసి ఊరికి లింకు పంపుతారు. నేనైతే తిరగేసి చేస్తాను. మీ నాయన ఫోన్‌లో ఆయన అకౌంట్‌తోనే గూగుల్ ఫోటోస్‌లో ‘పాప’ అని ఆల్బమ్ చేయించు. దాన్ని నీకూ, మీ చెల్లెలికీ షేర్ చేసి, Collaborate ఆన్‌లో ఉందో లేదో చూడమను. ఇక మీరు ఇక్కణ్ణుంచి అందులో ఫోటో వేస్తే చాలు, అక్కడ ఎవరూ ఏమీ నొక్కనక్కరలేదు. డల్లాస్‌లో రాత్రి తొమ్మిదికి వేసిన ఫోటో, ఎండాకాలమైతే, కడపలో మర్నాడు పొద్దున ఏడున్నర నుంచి వరుసలో ఉంటుంది. ఆల్బమ్ ఆయనదైతే ఇంకో సుఖం ఉంది. వచ్చేపోయేవాళ్ల దిష్టి తగులుతుందని మీ అమ్మకు ఏ ఫోటో అయినా నచ్చకపోతే, వాళ్లే తీసేయొచ్చు.

టీవీకి ఆల్బమ్ చూపించే పని మాత్రం ఆయన ఫోన్‌లో, ఇంటి వైఫై మీదే, నువ్వు వీడియో కాల్‌లో ఉండి చేయించు. Google Home యాప్‌లో టీవీని తాకి, సెట్టింగ్స్‌లో Ambient mode, అందులో Google Photos, అందులో ‘పాప’ ఆల్బమ్. యాప్‌లో టీవీయే కనబడకపోతే, టీవీ బిగించడానికి వచ్చిన అబ్బాయి వేరే అకౌంట్ పెట్టిపోయి ఉంటాడు. టీవీ సెట్టింగ్స్‌లో అకౌంట్ ఎవరిదో చూసి మార్పించు. Recent highlights అని కనిపిస్తే దాని జోలికి పోవద్దు. అది ఆయన గూగుల్ ఫోటోస్‌లో ఉన్న ఫోటోల్లోంచి తానే ఏరుకుంటుంది. హాల్లో కూర్చున్న చుట్టాలకు ఏం కనబడాలో గూగుల్ తేల్చడమెందుకు? ‘పాప’ ఆల్బమ్ ఒక్కటే టిక్ పెట్టించు. ఒక్కో ఫోటో ఎంతసేపు ఉండాలో కూడా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లకు ఒక నిమిషం పెట్టు. పది సెకన్లకోసారి మారితే పక్కన ఉన్నది ఎవరో గుర్తుపట్టేలోపే పోతుంది.

అన్నీ పెట్టినాక కూడా ‘కాసేపు వచ్చి టీవీ ఆరిపోతా ఉంది’ అని ఫోన్ వస్తే కంగారు పడొద్దు. అది టీవీ పాడవడం కాదు, Energy Saver చేసే పని. టీవీ సెట్టింగ్స్‌లో System, అందులో Power & Energy దగ్గర ఎంతసేపటికి ఆరిపోవాలో ఉంటుంది. దాన్ని నాలుగు గంటలకు పెంచమను. ఎప్పటికీ ఆరకుండా మాత్రం పెట్టొద్దు, రాత్రంతా ఎవరూ లేని హాల్లో వెలుగుతుంది. కరెంటు గురించి మీ నాయన తప్పకుండా అడుగుతారు కాబట్టి లెక్క చెప్తాను. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ 80 వాట్లు లాగుతుందనుకుంటే నాలుగు గంటలకు 0.32 యూనిట్, అంటే మూడు రోజులకు యూనిట్‌కు కాస్త తక్కువ.

ఫోటోలు మసగ్గా వస్తున్నాయంటే అవి వాట్సాప్ గుండా పోయినవై ఉంటాయి. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. ఫోన్‌లో బాగానే ఉన్నా అంత పెద్ద తెర మీద తేలిపోతుంది. అందుకే అసలు ఫోటోనే ఆల్బమ్‌లో వెయ్యి. మీది ఐఫోన్ అయితే అందులో గూగుల్ ఫోటోస్ యాప్ వేసుకోవాలి, ఐక్లౌడ్‌లో షేర్ చేసింది ఈ టీవీకి చేరదు. పాపను తీసేటప్పుడు ఫోన్ అడ్డంగా పట్టుకో. నిలువుగా తీస్తే తెరలో చాలా భాగం ఖాళీగా పోతుంది, మీ అమ్మ అడిగేది పాప మొహం పెద్దగా కనబడాలనే కదా.