‘హావ్’కి ‘డూ’ ఎందుకు తోడు కావాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్‌తో చదువు ఆపేశాను. ఇప్పుడు ఇంగ్లీషు మొదటి నుంచి నేర్చుకుంటున్నాను. ‘ఆర్ యు ఎ టీచర్?’ కరెక్టట. ‘హావ్ యు ఎ బైక్?’ అనకూడదట, ‘డూ యు హావ్ ఎ బైక్?’ అనాలట. మళ్ళీ ‘హావ్ యు ఈటెన్?’ మాత్రం కరెక్టేనట. డూ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఎలా తెలుస్తుంది?

జవాబు:

ముందు తెలుగులోనే ఒక మాట చూడండి. ‘తమ్ముడు రేవులో ఉన్నాడు’ అంటాం. ‘తమ్ముడు వల అల్లుతూ ఉన్నాడు’ అని కూడా అంటాం, గబగబా మాట్లాడితే అది ‘అల్లుతున్నాడు’ అవుతుంది. రెండింట్లోనూ ఉన్నది ఒకే ‘ఉన్నాడు’. కానీ మొదటి వాక్యంలో చెప్పే సంగతే అది, తమ్ముడు అక్కడ ఉండటం. రెండో వాక్యంలో అసలు పని వల అల్లడం. ఆ పని ఇప్పుడు సాగుతోందని చెప్పడానికి ‘ఉన్నాడు’ పక్కన తోడుగా వచ్చింది, అంతే.

ఇంగ్లీషులో బి, హావ్, డూ కూడా ఇలాగే రెండు రకాలుగా వస్తాయి. తామే అసలు క్రియ అయితే మెయిన్ వెర్బ్ అంటారు, ఇంకో క్రియకి తోడు వస్తే హెల్పింగ్ వెర్బ్ అంటారు. ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం ముందుకి రావాల్సింది హెల్పింగ్ వెర్బ్. కాదు, లేదు అనాల్సి వస్తే ‘నాట్’ తగిలించాల్సింది కూడా దానికే. వాక్యంలో హెల్పింగ్ వెర్బ్ లేకపోతే అప్పుడు డూని తెచ్చుకుంటాం.

మీ మూడు వాక్యాలకీ ఇదే వర్తిస్తుంది. ‘హావ్ యు ఈటెన్?’లో అసలు పని తినడం, హావ్ దానికి తోడు. అందుకని హావ్ తనే ముందుకి వచ్చింది. ‘యు హావ్ ఎ బైక్’లో హావ్ తప్ప వేరే క్రియే లేదు. అంటే అదే మెయిన్ వెర్బ్, దానికి తోడు ఎవరూ లేరు. అందుకని డూ వచ్చింది. మరి ‘ఆర్ యు ఎ టీచర్?’లో కూడా వేరే క్రియ లేదు కదా అంటారేమో. నిజమే, బి ఒక్కదానికే ఆ ప్రత్యేకత ఉంది. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ మెయిన్ వెర్బ్‌గా ఉన్నా సరే, తామే ముందుకి వస్తాయి, నాట్ వాటికే తగులుతుంది. డూ అక్కర్లేదు.

పాత బ్రిటిష్ పుస్తకాల్లో ‘హావ్ యు ఎ పెన్?’ లాంటివి మీకు కనబడవచ్చు. ఒకప్పుడు అలా అనేవారు. ఇప్పుడు మామూలుగా ‘డూ యు హావ్’ అనే అంటారు. బ్రిటన్‌లో ‘హావ్ యు గాట్’ అని కూడా అంటారు. మొదలుపెట్టేవాళ్ళు ‘డూ యు హావ్’ ఒక్కటి పట్టుకుంటే చాలు.

ఇది నాకు గట్టిగా తెలిసొచ్చింది క్లాసులో కాదు. డిగ్రీ అయ్యాక భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో చేరాను. కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ పూటపూటకీ చూసి రిజిస్టర్‌లో రాయడం నా పని. ఒకసారి సరుకు కొనే కంపెనీ తరఫున బయటి దేశం నుంచి ఒకాయన వచ్చి, నన్నే నిలబెట్టి అడిగారు: ‘డూ యు హావ్ ద టెంపరేచర్ రికార్డ్స్?’ నేను ‘ఎస్, ఐ యామ్’ అన్నాను. రిజిస్టర్ చేతిలోనే ఉంది కాబట్టి ఆయనకి అర్థమైంది. తర్వాత ‘హావ్ యు చెక్డ్ ద కోల్డ్ స్టోర్ దిస్ ఆఫ్టర్‌నూన్?’ అన్నారు. అప్పటికి మధ్యాహ్నం రీడింగ్ టైము ఇంకా కాలేదు. ఇంకా చూడలేదు అని చెప్పాలి. ‘నో, ఐ డోంట్’ అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. పక్కనున్న మా సూపర్‌వైజర్ వైపు తిరిగి ఏదో రాసుకున్నారు. నేను ‘చూడలేదు’ అనుకుంటూ చెప్పింది ఆయనకి ‘చూడను’ అని వినబడింది. ‘నో, ఐ హావెంట్’ అంటే చూడలేదు. ‘నో, ఐ డోంట్’ అంటే అసలు చూడను, అది నేను చేసే పని కాదు అని. రోజూ మూడు పూటలా చూసి రాసిన మనిషిని నేను. ఆ ఒక్క మాటకి ఆ సాయంత్రం అరగంట సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టక ఆ రెండు ప్రశ్నలూ రిజిస్టర్ వెనక పేజీలో రాసుకుని చూస్తే ఒక సంగతి కనబడింది. ఆయన ప్రశ్న మొదట్లో ఏ మాట ఉందో, నేను జవాబులో ఆ మాటే తిరిగి ఇవ్వాలి. డూ అని మొదలుపెడితే ‘ఎస్, ఐ డూ’. హావ్ అని మొదలుపెడితే ‘ఎస్, ఐ హావ్’. ‘ఆర్ యు’ అంటే ‘ఎస్, ఐ యామ్’. ‘డిడ్ యు’ అంటే ‘ఎస్, ఐ డిడ్’. జవాబు కోసం తడుముకునే పనే లేదు, ప్రశ్నలోనే చేతికి ఇస్తున్నారు.

ఇప్పుడు పాలకొల్లులో సాయంత్రం పూట కొంతమందికి ఇంగ్లీషు చెబుతున్నాను. ఎక్కువమంది గల్ఫ్‌కి వెళ్ళబోయేవాళ్ళు. వాళ్ళ చేత మొదట చేయించేది ఇది. నోటు పుస్తకంలో వాక్యం రాసి, బి, హావ్, డూ ఉన్నచోట వేలు పెట్టి, ఆ తర్వాత ఇంకో క్రియ ఉందా అని వెతకమంటాను. ‘హి ఈజ్ ఎ డ్రైవర్’లో ఈజ్ మీద వేలు పెడితే తర్వాత ఉన్నది డ్రైవర్, మనిషి. క్రియ కాదు. కాబట్టి ఈజ్ మెయిన్ వెర్బ్. ‘హి ఈజ్ డ్రైవింగ్’లో తర్వాత డ్రైవింగ్ అనే పని ఉంది. కాబట్టి ఈజ్ తోడు.

ఇంట్లో అనుకునే వాక్యంతోనే మొత్తం ఒకసారి చేసి చూద్దాం. మా బాబాయికి రెండు చెరువులు ఉన్నాయి: ‘హి హాజ్ టూ పాండ్స్’. హాజ్ తర్వాత ఉన్నవి చెరువులు, క్రియ లేదు. కనుక ప్రశ్నకి డూ కావాలి. ఇక్కడ ‘హి’ కాబట్టి అది డజ్ అవుతుంది: ‘డజ్ హి హావ్ టూ పాండ్స్?’ ఇక్కడొకటి గమనించండి. హాజ్ కాస్తా హావ్ అయిపోయింది. ‘హి’కి తగ్గట్టు మారే పని డజ్ తన మీద వేసుకుంది కాబట్టి, వెనకున్న క్రియ మామూలు రూపంలోకి వచ్చేస్తుంది. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ‘డజ్ హి హాజ్’, ‘హి డజంట్ హాజ్’ అంటారు. అలాగే ‘డిడ్ యు హాడ్’ అంటారు. గడిచిపోయిన కాలాన్ని డిడ్ ఒకసారి చెప్పేసింది, హాడ్ మళ్ళీ చెప్పకూడదు. ‘డిడ్ యు హావ్’ అనే అనాలి.

ఇప్పుడు బాబాయి రొయ్యలు అమ్మేశారు: ‘హి హాజ్ సోల్డ్ ద ష్రింప్’. అదే హాజ్. కానీ వేలు పెట్టి చూస్తే తర్వాత సోల్డ్ ఉంది, అమ్మడం అనే పని. హాజ్ తోడు. ప్రశ్న ‘హాజ్ హి సోల్డ్ ద ష్రింప్?’ అవుతుంది. ఇంకా అమ్మలేదు అంటే ‘హి హాజంట్ సోల్డ్ ద ష్రింప్’. చెరువు లేదు, అమ్మలేదు, ఈ రెండింటికీ తెలుగులో ‘లేదు’ ఒక్కటే సరిపోయింది. ఇంగ్లీషులో మొదటిది ‘డజంట్ హావ్’, రెండోది ‘హాజంట్ సోల్డ్’. మనవాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే. నోట్లో ‘లేదు’ అనే మాట మెదిలినప్పుడు, అది వస్తువు లేదనా, పని జరగలేదనా అని ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి.

డూ సంగతి చిన్నదే. ‘వాట్ డూ యు డూ?’లో రెండు డూలు ఉన్నాయి. మొదటిదానికి సొంత అర్థం లేదు, ప్రశ్న కోసమే వచ్చింది. రెండోదే ‘చేయడం’. మీరేం పని చేస్తుంటారు, మీ ఉద్యోగం ఏమిటి అని అడగడం అది. కాబట్టి ‘హి డూ నాట్ హిజ్ వర్క్’ అనకూడదు, ‘హి డజంట్ డూ హిజ్ వర్క్’ అనాలి. డూ మెయిన్ వెర్బ్ అయినప్పుడు, ప్రశ్న అడగాలన్నా, కాదు అనాలన్నా దానికీ ఇంకో డూ తోడు కావాలి.

వేలు పెట్టి చూసే పద్ధతి ఒకచోట మోసం చేస్తుంది, అది ముందే చెప్పాలి. ‘ఐ హావ్ టు గో’ అంటే నేను వెళ్ళాలి. హావ్ తర్వాత గో అనే క్రియ ఉంది కదా, తోడే అనుకుంటాం. కానీ ప్రశ్న ‘డూ యు హావ్ టు గో?’ అనే రావాలి. హావ్‌కీ, వెనక క్రియకీ మధ్య ‘టు’ ఉంటే ఆ హావ్‌ని మెయిన్ వెర్బ్‌గానే చూడండి. బి విషయంలోనూ ఒకటుంది. బికి డూ అక్కర్లేదన్నాను గానీ, ఒకరికి ‘ఆలస్యం చెయ్యకు’ అని చెప్పేటప్పుడు మాత్రం ‘డోంట్ బి లేట్’ అనాల్సిందే.

ఇంకొకటి, తోడు అక్కర్లేని చోట తోడు పెట్టకండి. ‘ఐ యామ్ గో టు మార్కెట్ డైలీ’ అని చాలామంది అంటారు. రోజూ వెళ్ళడానికి ‘ఐ గో’ చాలు. యామ్ కావాలంటే ‘గోయింగ్’ రావాలి, అప్పుడది ఇప్పుడు వెళ్తున్నాను అని అవుతుంది. అలాగే ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ మన దగ్గర బాగా వినబడుతుంది గానీ, ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ అనండి. అన్నదమ్ములు ఉండటం సాగుతున్న పని కాదు. ‘వి ఆర్ హావింగ్ లంచ్’ మాత్రం సరైనదే, అక్కడ హావ్ అంటే తినడం.

కిందటి నెల నా దగ్గర నేర్చుకునే ఒకావిడ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వస్తూ, గోదావరి మధ్యలో ఉండగా నాకు ఫోన్ చేసింది. కువైట్‌లో పని కోసం వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అప్పుడే అయిందట. ‘అక్కా, హావ్ యు వర్క్డ్ విత్ చిల్డ్రన్ అన్నారు, ఎస్ ఐ హావ్ అన్నాను. డూ యు హావ్ ఎ పాస్‌పోర్ట్ అన్నారు, ఎస్ ఐ డూ అన్నాను. ఆర్ యు మారీడ్ అంటే ఎస్ ఐ యామ్ అన్నాను. నాలుగోది వెంటనే అర్థం కాలేదు’ అంది. నాలుగోది ‘డూ యు హావ్ టు ఆస్క్ యువర్ హస్బెండ్?’ అట. మీ ఆయన్ని అడగాలా అని. ఆవిడ కాసేపు ఆలోచించి ‘నో, ఐ డోంట్’ అందట.