సర్వర్ ఆగిపోతే స్లాషింగ్ అవుతుందా?

నేను ఇథీరియంలో 32 ఈథర్ పెట్టి వాలిడేటర్ నడుపుదామనుకుంటున్నా. రివార్డు దేనికిస్తారు? కరెంటు పోతే స్లాష్ చేస్తారా?

చేయరు. ప్రతి 6.4 నిమిషాలకు ఒకసారి మీ వాలిడేటర్ "ఈ బ్లాక్ సరైనదే" అని ఓటు వేయాలి. రివార్డులో ఎక్కువ భాగం ఈ ఓట్లకే వస్తుంది. కొత్త బ్లాక్ తయారుచేసే వంతు అరుదుగా వస్తుంది. అప్పుడు లావాదేవీల టిప్స్ కూడా మీవే. ఆఫ్‌లైన్‌లో ఉంటే, ఓటుకు రావాల్సింది పోయి, దాదాపు అంతే మొత్తం కోత పడుతుంది. ఒక రోజు ఆగితే, ఇంకో రోజు సరిగ్గా నడిపి ఆ కోతను పూడ్చుకోవచ్చు.

స్లాషింగ్ రెండు నాల్కల ధోరణికి పడే శిక్ష: ఒకే వంతులో రెండు వేర్వేరు బ్లాకులు ఇవ్వడం, పరస్పర విరుద్ధమైన ఓట్లు వేయడం. నిజానికి దీనికి మోసబుద్ధే అక్కర్లేదు. కరెంటు పోతుందన్న టెన్షన్‌తో, ఓట్లపై సంతకం చేసే అదే కీని బ్యాకప్ మెషీన్‌లోనూ పెడతారు, రెండూ ఒకేసారి నడుస్తాయి, అంతే!

2025 మేలో వచ్చిన పెక్ట్రా అప్‌గ్రేడ్ తర్వాత తక్షణ కోత 4096వ వంతు, అంటే 32 ఈథర్‌కు సుమారు 0.0078. అంతకుముందు 1 ఈథర్ పోయేది. వాలిడేటర్‌ను బయటకు పంపేస్తారు, డబ్బు సుమారు 36 రోజులు ఇరుక్కుంటుంది, ఆ రోజులన్నీ ఆఫ్‌లైన్ కోత నడుస్తూనే ఉంటుంది. అసలు దెబ్బ 18వ రోజున. ఒంటరిగా దొరికితే ఆ కోత దాదాపు సున్నా. అదే కాలంలో నెట్‌వర్క్‌లో అందరూ పెట్టిన ఈథర్‌లో మూడో వంతు స్లాష్ అయితే మీది మొత్తం పోతుంది.

అందుకే మెషీన్ మార్చేటప్పుడు పాతదాన్ని ఆపి, ఇప్పటిదాకా వేసిన ఓట్ల లెక్క ఉండే దాని స్లాషింగ్ ప్రొటెక్షన్ ఫైల్‌ను కొత్తదానిలోకి తెచ్చుకుని, కొన్ని ఓట్లు మిస్సయినా సరే, పావుగంట ఆగి మొదలుపెట్టండి.