అమ్మకాల కంటే వేగంగా పెరిగిన ఖర్చు ఏది?

హిమాయత్‌నగర్‌లో మా బేకరీ అమ్మకాలు పెరిగాయి, లాభం పెరగలేదు. ఏ ఖర్చు తినేస్తోందో ఎలా తెలుస్తుంది?

ముందటి ఏడాది అంకెను 100 అనుకోండి. అమ్మకాలు 40 లక్షల నుంచి 50 లక్షలైతే ట్రెండ్ శాతం 125. ప్రతి ఖర్చునూ దీనితోనే పోల్చాలి. అద్దె 4 లక్షల నుంచి 4.8 లక్షలైతే 120. గుండె గుభేలుమన్నా, అది అమ్మకాల వెనకే ఉంది. డెలివరీ యాప్ కమీషన్ 2 లక్షల నుంచి 4 లక్షలైతే 200. దొంగ ఇక్కడున్నాడు. కామన్ సైజ్ పట్టికలో, అంటే ఖర్చును ఆ ఏడాది అమ్మకాలతో భాగిస్తే, కమీషన్ 5 శాతం నుంచి 8 శాతానికి చేరింది. ఆ 3 శాతమే లక్షన్నర రూపాయలు.

ట్రెండునొక్కదాన్నే నమ్మకండి. మరమ్మతులు 10 వేల నుంచి 30 వేలైతే 300 చూపిస్తుంది, కానీ అమ్మకాల్లో అది 0.6 శాతమే.