తేడా పట్టేశాక కథ ఎందుకు ఆగింది

"నా కథలో జూనియర్ ఇంటర్‌ప్రెటర్ ఒక ఒప్పందపు రెండు భాషల ప్రతుల్లో తేడా పట్టేస్తుంది. అక్కడితో ఆగిపోయాను. తర్వాత ఏం జరగాలి?"

ఏ ప్రతి చెల్లుతుందో మీరు తేల్చినట్టు లేదు, అందుకే కథ కదలట్లేదు.

1. ముందు ఒప్పందం చివరి అధికరణ రాసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. "తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది" అని ఉంటే గొడవ త్వరగా తేలిపోతుంది. రెండూ సమానమే అని ఉంటేనే అసలు టెన్షన్.

ఇటలీ, ఇథియోపియా మధ్య 1889 నాటి వుచాలె ఒప్పందం చూడండి. అందులో రెండు ప్రతులూ సమానమే. 17వ అధికరణ ప్రకారం ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ విదేశీ వ్యవహారాలు ఇటలీ ద్వారా నడపడానికి సమ్మతించినట్టు ఇటాలియన్ ప్రతిలో ఉంది. అమ్హారిక్ ప్రతిలో మాత్రం కావాలంటే నడపొచ్చు అని ఉంది. ఇథియోపియా తమ రక్షణలో ఉందని ఇటలీ ప్రకటించుకుంది. 1893లో మెనెలిక్ ఒప్పందాన్ని తోసిపుచ్చాడు. 1896లో అద్వా యుద్ధం.

2. మీ కథలోని అమ్మాయి హాల్లో లేచి అరవకూడదు. ఇంటర్‌ప్రెటర్ అక్కడ సొంత మాట మాట్లాడదు. టీ విరామంలో రెండు ప్రతుల్లోనూ తేడా ఉన్న మాట కింద పెన్సిల్ గీత గీసి, తన బృంద నాయకుడి ముందు పెట్టాలి.

3. సంతకాలయ్యాక పట్టుకుంటే దేశాల మధ్య ఒప్పందాల నియమాలు చెప్పే వియన్నా ఒప్పందం 79వ అధికరణ, ఆ పొరపాటు దిద్దడానికి పనికొస్తుంది. కానీ అది పొరపాటేనని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. అవతలివాళ్లు "పొరపాటేం లేదు, సరిగ్గానే ఉంది" అంటే మీ కథ రెండో సగం దొరికినట్టే.